టీ బ్రాండు జోకు ఎవరి మీద పడుతుంది?

టీపొడి అమ్మే కంపెనీలు సోషల్ మీడియాలో పెట్టే సరదా పోస్టుల్లో టీపొడి గురించి ఒక్క ముక్క కూడా లేకపోవడం మామూలే. ఆకు ఏ తోటలోది, రంగు ఎంత దిగుతుంది, ప్యాకెట్‌కి ఎన్ని కప్పులొస్తాయి అన్నవి అట్టపెట్టె మీద రాసుకునే మాటలు. పోస్టులో కనిపించేవాళ్లు వేరు. సాయంత్రం నాలుగింటికి ఆవలిస్తూ గడియారం చూసే గుమాస్తా, "అబ్బే వద్దండీ, ఇప్పుడే తాగి వచ్చాం" అంటూనే కప్పు అందుకునే చుట్టం, "ఇదే ఆఖరు కప్పు" అని రోజుకు నాలుగుసార్లు చెప్పే బావగారు. చూసినవాడు "అచ్చం మన సుబ్బారావే" అనుకుని ఆఫీసు గ్రూపులోకి తోసేస్తాడు. ఒక బొమ్మ, రెండు లైన్ల మాట, చూడగానే గుర్తుపట్టే సందర్భం. మీమ్ అంటే ఇంతే.

టీకి ఈ పద్ధతి బాగా అతుకుతుంది. నెలసరి సరుకుల్లో టీపొడి ఏదన్నది చాలా ఇళ్లలో ఏళ్ల కిందటే తేలిపోయిన విషయం. చీటీలో పేరు కూడా రాయరు, "టీపొడి అరకిలో" అంటే కొట్టువాడికే తెలుసు. ఒక పోస్టు చూసి ఎవరూ ఆ పూట ప్యాకెట్ మార్చరు. కంపెనీ కోరుకునేది పేరు నాలుక మీద ఆడుతుండటం, ఎప్పుడైనా మార్చాలనిపిస్తే ముందు తట్టడం. అందుకే పోస్టులో సరుకు మూలన ఉంటుంది. ప్యాకెట్‌ని మధ్యలోకి లాగి, కింద "నేడే కొనండి" అని తగిలిస్తే అది మీమ్ వేషం వేసుకున్న ప్రకటన అయిపోతుంది, ఎవరూ ఎవరికీ పంపరు.

ఇంతవరకూ పెద్ద చిక్కు లేదు. అభిమాని పెట్టిన మీమ్‌కీ, కంపెనీ పెట్టిన మీమ్‌కీ తేడా తెలిసేది నవ్వు దారి తప్పినప్పుడు. స్నేహితుడు వేసిన మొరటు జోకును "వాడంతేలే" అని వదిలేస్తారు. అదే జోకు డబ్బు తీసుకుని సరుకు అమ్మే కంపెనీ నోట్లోంచి వస్తే, జోకు ఎవరి మీద పడిందో లెక్క తీస్తారు.

ఊహకు ఒక చిన్న టీపొడి బ్రాండును తీసుకుందాం. పెళ్లిళ్ల సీజన్, పెళ్లిచూపుల మీద పోస్టు కావాలి. పెళ్లిచూపులన్నాక ట్రే, కప్పులు ఎలాగూ ఉంటాయి కాబట్టి సందర్భం టీకి సరిగ్గా కుదిరింది. మొదటి చిత్తులో తల వంచుకుని ట్రే పట్టుకొచ్చిన అమ్మాయి బొమ్మ, పైన మగపెళ్లివారి మాట: "అమ్మాయి సంగతి తర్వాత చెబుతాం, టీ మాత్రం ఖాయం!" నలుగురు కుర్రాళ్లున్న గదిలో ఇది పేలుతుంది. కానీ నవ్వు పడింది నోరెత్తడానికి వీల్లేకుండా నిలబడిన అమ్మాయి మీద. ఆ ట్రే మోసి, ఆ మాట నిజంగానే విన్న ఆడవాళ్లు తెలుగు నాట లక్షల్లో ఉంటారు. ఇంటికి ఏ టీపొడి రావాలో చెప్పేదీ చాలావరకు వాళ్లే.

ఇది తట్టగానే ఎవరైనా చేసే పని దాన్ని తిరగేయడం. అమ్మాయే అబ్బాయిని "మీకు టీ పెట్టడం వచ్చా?" అని అడుగుతుంది. మొదటిదాని కంటే నయమే. కాకపోతే ఇలాంటి తిరగేత ప్రకటనల్లో అరిగిపోయింది, నవ్వు కంటే నీతి ముందు వినిపిస్తుంది. మూడో చిత్తులో అమ్మాయిని, అబ్బాయిని ఇద్దరినీ వదిలేసి గదిలో మూలన కూర్చున్న మనిషి దగ్గరికి పోవాలి. పిల్ల తండ్రి: "మరి ఏ మాటా చెప్పండి." పెళ్లికొడుకు బాబాయి: "ఇంకో కప్పు తాగాక చెబుతాం." ఇప్పుడు నవ్వు బాబాయి మీద, ఆయన టీ యావ మీద. అలాంటి బాబాయి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు, పైగా ఆ పోస్టు కింద ఆయన్ని ట్యాగ్ చేస్తే ఆయనే ముందు నవ్వుతాడు. టీ బ్రాండు జోకుకు ఇంతకు మించిన జాగా లేదు: టీ తాగేవాడి బలహీనత. నవ్వించేవాడూ నవ్వేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చున్నట్టుంటుంది.

ఈ జాగ్రత్త మర్యాద కోసమే కాదు. మన దేశంలో ప్రకటనల మంచిచెడ్డలు చూసే స్వయం నియంత్రణ సంస్థ ఆస్కి 1985 నుంచి ఉంది. ఆడ, మగ అనే మూస భావాలతో కించపరిచే ప్రకటనలపై అది 2022 జూన్‌లో విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. మీమ్ అయినా కంపెనీ ఖాతాలోంచి వస్తే ప్రకటనే. అయితే ఆస్కి నవ్వుకు వ్యతిరేకి ఏమీ కాదు. నవ్వించడానికే చెబుతున్నారని ఇట్టే తెలిసిపోయే అతిశయోక్తిని దాని నియమావళి ఒప్పుకుంటుంది. "మా టీ వాసనకు పక్కింటాయన గోడ దూకాడు" అంటే ఎవరూ నిజమనుకోరు. "మా టీ తాగితే తలనొప్పి చిటికెలో మాయం" అన్నది మాత్రం ఎంత నవ్వు మొహం తగిలించినా జనం నిజంగా నమ్మే మాట, అడిగితే రుజువు చూపించాల్సిన మాట.

తెలుగులో మీమ్ అనగానే ముందు కళ్లకు కట్టేది బ్రహ్మానందం మొహం. ఆ కనుబొమ్మ ఎగరేయడంలోనే సగం జోకు పూర్తవుతుంది, రాసేవాడికి పెద్ద పనుండదు. సినిమా ఫ్రేములతో మీమ్‌లు చేసే పేజీలు అలాగే పెరిగాయి. బ్రాండు నడిపే కుర్రాళ్లకూ అదే చేయాలనిపిస్తుంది, చాలామంది చేసేస్తారు కూడా. కానీ ఆ ఫ్రేము సినిమా హక్కులున్నవాళ్ల సొత్తు, ఆ మొహం నటుడిది. 1957 నాటి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు, వార్తలకు కొంత వెసులుబాటు ఇస్తుంది. టీపొడి అమ్ముకోవడం అందులో ఎక్కడా ఇమడదు. మొహం, గొంతు, ఊతపదం కూడా మనిషి సొంతమేనన్న వాదనకు ఢిల్లీ హైకోర్టు 2022 నవంబర్‌లో అమితాబ్ బచ్చన్ విషయంలోనూ, 2023 సెప్టెంబర్‌లో అనిల్ కపూర్ విషయంలోనూ మధ్యంతర ఉత్తర్వులతో బలమిచ్చింది.

హైదరాబాద్‌కు బాగా దగ్గరి ఉదాహరణ ఒకటుంది. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు కాంస్యం గెలవగానే బ్రాండ్లు వరసపెట్టి ఆమె ఫొటోతో అభినందన పోస్టులు పెట్టాయి, మూలన తమ లోగో తగిలించుకున్నాయి. ఆమెతో ఒప్పందం లేకుండా ఇలా చేసిన పలు బ్రాండ్లపై ఆమె వాణిజ్య వ్యవహారాలు చూసే సంస్థ చట్టపరమైన చర్యలకు దిగింది. పొగిడినా అనుమతి అనుమతే. ఎగతాళి చేయలేదు కదా అన్నది ఇక్కడ జవాబు కాదు.

అమెరికాలో ఒక కాఫీ కంపెనీ కథ ఇంకా విచిత్రం. ఎప్పుడూ మొహం ముడుచుకుని ఉండే 'గ్రంపీ క్యాట్' అనే పిల్లి మీమ్‌లతో లోకమంతా తెలిసిపోయింది. ఆ పిల్లి బొమ్మతో చల్లటి కాఫీ అమ్ముకోవడానికి గ్రెనేడ్ అనే పానీయాల కంపెనీ పద్ధతిగానే అనుమతి తీసుకుంది. తర్వాత అదే బొమ్మతో వేయించిన కాఫీ పొడి, టీషర్టులు కూడా అమ్మింది. 2018 జనవరిలో జ్యూరీ ఆ కంపెనీ 7,10,001 డాలర్లు కట్టాలని తేల్చింది. చివరి ఆ ఒక్క డాలరు ఒప్పందం మీరినందుకు నామమాత్రపు పరిహారం.

ఈ బాధ పడకుండా ఉండే దారి మన దేశంలోనే పాతదొకటి ఉంది. అమూల్ బటర్ పాప 1966 నుంచి ఆనాటి వార్తల మీద జోకులేస్తూనే ఉంది. మీమ్ అన్న మాట పుట్టక ముందే హోర్డింగు మీద మీమ్ నడిపినట్టు లెక్క. బొమ్మ సొంతం, గీత సొంతం, మాట సొంతం. టీ బ్రాండు కూడా పైన చెప్పిన బాబాయినే బొమ్మగా గీయించుకుంటే ఏ నిర్మాతకూ జవాబు చెప్పుకోనక్కర్లేదు, నాలుగు పోస్టులయ్యేసరికి ఆయనకే అభిమానులు పుడతారు. కాస్త ఓపిక కావాలి, అంతే. రీల్స్‌కు పాట పెట్టేటప్పుడూ ఇదే సంగతి. మామూలు మనుషుల ఖాతాలో దొరికే సినిమా పాటలు వాడుకునే హక్కు వ్యాపార ఖాతాకు ఉండదు, దానికి వాణిజ్య వాడకానికి ఇచ్చే పాటల భండారం వేరే ఉంటుంది.

అనుమతుల చిక్కు లాయరు చెబితే తెలుస్తుంది. లాయరుకు కూడా కనపడనివి ఊరి సంగతులు. టీ విషయంలో వీటన్నిటికీ కేంద్రం గ్లాసు.

ఆంధ్రప్రదేశ్‌లో గాజు గ్లాసు జనసేన పార్టీ ఎన్నికల గుర్తు. టీ బ్రాండు అమాయకంగా "గ్లాసు ఎత్తండి" అని పోస్టు పెడితే కింద వ్యాఖ్యల్లో టీ మాట ఒక్కటీ ఉండదు. "ఫ్యాన్ కింద కూర్చుని టీ తాగితే ఆ సుఖమే వేరు" అన్నా అంతే, ఫ్యాన్ వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు. సైకిల్ మీద టీ అమ్మే మనిషిని గీస్తే అది తెలుగుదేశం. ఎన్నికల రోజుల్లో ఈ రాష్ట్రంలో బొమ్మ గీయడానికి మిగిలేది స్టవ్ ఒక్కటేనేమో. మామూలు రోజుల్లో వీటిని ఎవరూ పట్టించుకోరు. నోటిఫికేషన్ వచ్చిన దగ్గర్నుంచి ఫలితాల దాకా గ్లాసుకు బదులు కప్పు వాడటం తేలికైన ఉపాయం.

గ్లాసుకు ఇంకో చరిత్ర ఉంది, అది నవ్వులాట కాదు. తెలుగు పల్లెల్లో హోటళ్ల దగ్గర దళితులకు వేరే గ్లాసులో టీ పోసే రెండు గ్లాసుల పద్ధతి సాగింది. దాని మీద పోరాటాలు జరిగాయి, కేసులు నడిచాయి. ఆ సంగతి మనసులో లేని నగరపు రచయిత తన బ్రాండు గొప్ప చెప్పబోయి "మా వాళ్ల గ్లాసే వేరు" అని రాస్తాడు. రాసినవాడికి అది గర్వం, చదివినవాళ్లలో కొందరికి అది చిన్నప్పుడు తాటాకు చూరులో దోపిన గ్లాసు. తప్పు అర్థం ఎవరో వెతికి పట్టుకున్నది కాదు. ఆ మాట ముందు నుంచీ మోస్తున్న అర్థమే అది.

ఇలాంటిది నిజంగా జరిగింది, టీ బ్రాండు విషయంలో కాదు గానీ పెద్ద కంపెనీతోనే. 2023 జూన్ 5న ప్రపంచ పర్యావరణ దినానికి జొమాటో ఒక సరదా వీడియో విడుదల చేసింది. 2001 నాటి 'లగాన్' సినిమాలో కచ్రా అనే దళిత పాత్ర ఉంది. హిందీలో కచ్రా అంటే చెత్త. చెత్తను తిరిగి వాడుకోవడం గురించి చెప్పడానికి ఆ పాత్ర వేసిన నటుడినే తీసుకొచ్చి దీపంగా, కాగితంగా, తువ్వాలుగా చూపించారు. రాసినవాళ్లకు కనపడింది పేరులోని శ్లేష ఒక్కటే. చూసినవాళ్లకు కనపడింది అంటరానితనం అనుభవించిన పాత్రను వస్తువుగా మార్చి మళ్లీ నవ్వడం. జాతీయ షెడ్యూల్డ్ కులాల కమిషన్ నోటీసు ఇచ్చింది, జొమాటో వీడియో తీసేసింది. ఆ చిత్తు గదిలో ఒక్క దళితుడు కూర్చుని ఉంటే అది వీధి దాకా వచ్చేది కాదన్న మాట అప్పట్లో వినిపించింది. సబబైన మాటే. పోస్టు బయటికి పోయే ముందు వేరే వయసు, వేరే ఊరు, వేరే కులం మనిషి ఒకరు చూడాలన్నది ఏ పెద్ద సిద్ధాంతమూ కాదు, పదినిమిషాల పని.

జోకు సరిగ్గా ఉన్నా కొన్నిసార్లు దాని మొదటి ముక్క ఒంటరిగా ఊరు తిరిగి బ్రాండును ముంచుతుంది. 2021 మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, బ్రిటన్‌లో బర్గర్ కింగ్ "ఆడవాళ్ల చోటు వంటిల్లే" అని ఒక ట్వీట్ వేసింది. కింద వరుసగా వచ్చిన ట్వీట్లలో అసలు సంగతి ఉంది: పెద్ద వంటశాలల్లో ఆడ షెఫ్‌లు చాలా తక్కువ, వాళ్ల చదువుకు ఉపకారవేతనం ఇస్తున్నాం అని. ఉద్దేశం మంచిదే. కానీ జనం పంచుకున్నది మొదటి ట్వీట్‌నే, స్క్రీన్‌షాట్లు తిరిగింది దానివే. కంపెనీ దాన్ని తీసేసి క్షమాపణ చెప్పింది.

మన దేశంలో ఒక టీ బ్రాండుకే 2019 మార్చిలో ఇదే తగిలింది, అది జోకు కాకపోయినా. బ్రూక్ బాండ్ రెడ్ లేబుల్ తీసిన చిన్న సినిమాలో కొడుకు తండ్రిని కుంభమేళా జనంలో వదిలేసి పోబోయి, మనసు మార్చుకుని వెనక్కొస్తాడు, ఇద్దరూ టీ తాగుతారు. దాన్ని పరిచయం చేస్తూ హిందుస్థాన్ యూనిలీవర్ పెట్టిన ట్వీట్ మాత్రం కుంభమేళా అంటే ముసలివాళ్లను వదిలేసే చోటన్నట్టుగా మొదలైంది. సినిమా చూడనివాళ్లకు మిగిలింది ఆ వాక్యం. బహిష్కరించాలన్న పిలుపులు రావడంతో ఆ ట్వీట్‌ని తొలగించారు. మీమ్ రాసేవాళ్లు ఇందులోంచి తీసుకోవాల్సింది ఒకే పరీక్ష: రెండో లైను చింపేసి మొదటి లైను మాత్రం చదవాలి. అది ఒంటరిగా నిలబడి ఎవరినైనా తిడుతున్నట్టుంటే జోకు ఎంత బాగున్నా కట్టు మార్చాలి.

ట్రెండింగ్ హ్యాష్‌ట్యాగ్ వెంట పరిగెత్తేవాళ్లకు ఇంకో గొయ్యి ఉంటుంది. 2014 సెప్టెంబర్‌లో అమెరికాలో గృహహింస భరించిన ఆడవాళ్లు తాము ఇల్లు వదిలి ఎందుకు పోలేకపోయారో ఒక హ్యాష్‌ట్యాగ్ కింద రాస్తున్నారు. డిజోర్నో అనే పిజ్జా బ్రాండు అదేమిటో చూడకుండా, పిజ్జా ఉంది కాబట్టి ఉండిపోయామని దాని కింద జోకు వేసింది. తర్వాత ఒక్కొక్కరికీ విడివిడిగా క్షమాపణలు చెప్పుకుంది. ముందే రాసి, ఫలానా గంటకు దానంతటదే పోయేలా పెట్టిన పోస్టులకూ ఇదే ప్రమాదం. ఊళ్లో ఘోర ప్రమాదం జరిగిన రోజు సాయంత్రం "టీ లేకపోతే చచ్చిపోతాం" అన్న నిన్నటి జోకు వెళ్లిపోతుంది. అందుకే పెద్ద సంస్థల్లో ఆ వరుసను ఒక్క మీటతో ఆపే బాధ్యత ఎవరిదో పేరు పెట్టి రాసుకుంటారు.

పోస్టు దారి తప్పుతోందని లైకుల లెక్క చెప్పదు, అవి పెరుగుతూనే ఉంటాయి. చూడాల్సింది వ్యాఖ్యలు. మామూలుగా సరదా పోస్టు కింద లైకులే చాలా ఎక్కువ, వ్యాఖ్యలు స్నేహితుల పేర్లు, నవ్వు మొహాలు. వ్యాఖ్యలు ఒక్కసారిగా లైకులను మించడం, పొడుగాటి వాక్యాలు రావడం, టీతో ఏ సంబంధమూ లేని ఖాతాలు పోస్టును తమ మాట జోడించి పంచుకోవడం మొదలైతే గంటల్లో అది బ్రాండు చేయి దాటిపోతుంది. అప్పుడు ఇంకో జోకుతో సర్దుకుందామనిపించడం సహజం, అదే మంట పెంచేది. తప్పు బ్రాండుదైతే పోస్టు తీసి, ఏది తప్పో పేరు పెట్టి చెప్పి, రెండు మాటల్లో ముగించడం మేలు. "ఎవరి మనోభావాలైనా దెబ్బతిని ఉంటే" అన్న మాటలో తప్పు ఒప్పుకున్నట్టూ ఉండదు, ఒప్పుకోనట్టూ ఉండదు. జనం దాన్ని వెంటనే పసిగడతారు.

తప్పు బ్రాండుది కానప్పుడు జవాబు వేరు. ఇందులో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ టీ కథ చదవదగ్గది. హారోగేట్ పట్టణానికి చెందిన టేలర్స్ అనే పాత కంపెనీది ఆ బ్రాండు. 2020 ఫిబ్రవరిలో కొత్తగా ఆర్థికమంత్రి అయిన రిషి సునాక్, బడ్జెట్ పని మధ్యలో టీ పెట్టుకుంటూ ఆ బ్రాండు పెద్ద సంచీతో దిగిన ఫొటో ట్వీట్ చేశారు. బ్రాండుకు దాంతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆయన పార్టీ గిట్టనివాళ్లు వారాంతమంతా టీ కంపెనీ మీద విరుచుకుపడ్డారు, ఇక కొనబోమన్నారు. ఖాతా చూసే మనిషి కోపంతో ఊగిపోతున్న ఒకావిడకు, మీరు టీ మీద అరుస్తున్నారని, కాస్త దయ చూపమని జవాబిచ్చారు. సోమవారం ఒక వివరణ కూడా వచ్చింది: మమ్మల్ని ఎవరూ అడగలేదు, 2017లో లేబర్ నాయకుడు జెరెమీ కార్బిన్ కూడా మా టీతో ఫొటో దిగారు, తెర వెనక ఒక మనిషి ఉన్నాడని గుర్తుంచుకోండి అని. నవ్వు ఇక్కడ కోపం ఎంత వింతగా ఉందో చూపించింది, అరిచిన మనిషిని చిన్నబుచ్చలేదు. తనకు ఒక బృందం అండ ఉంది కాబట్టి తట్టుకోగలిగానని, ఒంటరి మనిషికైతే ఇది ఇంకా కష్టమని కూడా అందులో రాశారు.

అదే ఏడాది జూన్‌లో అదే ఖాతా నవ్వును పూర్తిగా పక్కనపెట్టింది. 'బ్లాక్ లైవ్స్ మ్యాటర్' ఉద్యమానికి ఆ బ్రాండు మద్దతు ప్రకటించలేదని ఒకావిడ మెచ్చుకుంటూ ట్వీట్ పెడితే, దయచేసి మా టీ మళ్లీ కొనకండి అని సూటిగా బదులిచ్చింది. ప్రత్యర్థి పీజీ టిప్స్ కూడా అదే వైపు నిలిచింది. శ్లేష లేదు, బొమ్మ లేదు. రోజూ సరదాగా మాట్లాడే ఖాతా ఆ ఒక్క రోజు సరదా మానేయడంతోనే ఆ మాట అంత దూరం వినిపించింది.